డాక్యుమెంటరీలో పాటల వినియోగానుమతి

'''పాటల వినియోగానుమతి''' అనగా డాక్యుమెంటరీలో ప్రజాదరణ పొందిన పాటను దృశ్యంతో జతపరచుటకు హక్కుదారుల నుండి పొందే లిఖితపూర్వక అనుమతి. భారతదేశంలో ఇది కాపీహక్కు చట్టం, 1957 పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం ప్రకారం ఒక పాటలో సాహిత్యం, సంగీతం, ధ్వనిముద్రణ అను మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి.

== హక్కుల గుర్తింపు ==

మహబూబాబాదు జిల్లా గంగారం మండలంలోని ఒక గ్రామంపై తీసే డాక్యుమెంటరీలో ''మా భూమి'' చిత్రంలోని "పల్లెటూరి పిల్లగాడా" పాటను వాడదలచినట్లు ఊహిస్తే, మూడు హక్కులనూ విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

గీత రచయిత సుద్దాల హనుమంతు 1982లో మరణించాడు. రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది గనుక సాహిత్యంపై హక్కు 2042 చివరి వరకు కొనసాగుతుంది. ఈ పాట చిత్రం కోసం కాక, అంతకు చాలా ముందే తెలంగాణ సాయుధ పోరాట కాలంలో రచింపబడింది. అందువలన సాహిత్యంపై హక్కు చిత్ర నిర్మాతకు చెందినదని భావించరాదు. నిర్మాతకు గాని, సంగీత సంస్థకు గాని హక్కు బదిలీ పత్రం ఉన్నదేమో చూడవలెను. లేనిచో వారసుల అనుమతి అవసరం. సంగీతానికి, ధ్వనిముద్రణకు కూడా ఇదే విధంగా హక్కుదారులను గుర్తించాలి.

గ్రామస్థులే ఆ పాటను కెమెరా ముందు పాడితే పాత ధ్వనిముద్రణకు అనుమతి అక్కరలేదు. అయితే సాహిత్య, సంగీతాలకు అనుమతి తప్పదు. పాడినవారి సమ్మతి పత్రం కూడా తీసుకోవాలి.

== అభ్యర్థన లేఖ ==

లేఖలో ఈ వివరాలు ఉండవలెను:
* పాట, చిత్రం, గాయకుల పేర్లు
* వాడే భాగం ఎన్ని సెకన్లు, ఏ దృశ్యంలో, నేపథ్యంలోనా లేక తెరపైనా
* ప్రదర్శన మాధ్యమాలు: చిత్రోత్సవాలు, టెలివిజన్, అంతర్జాలం
* కాలపరిమితి, ప్రాంతం
* రుసుము, పేర్ల ప్రస్తావన

వీటిలో కాలపరిమితి, ప్రాంతం అతి ముఖ్యమైనవి. ఒప్పందంలో కాలం పేర్కొనకపోతే చట్టం దానిని 5 సంవత్సరాలుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశంగా పరిగణిస్తుంది. అట్టి ఒప్పందంతో విదేశీ చిత్రోత్సవానికి పంపిన చిత్రానికి అక్కడ అనుమతి లేనట్లే.

== సరిచూసుకొనవలసిన అంశాలు ==

# మూడు హక్కులకూ హక్కుదారుల సంతకంతో అనుమతి ఉన్నదా? మౌఖిక అంగీకారం చెల్లదు.
# అనుమతి ఇచ్చినవారికి ఆ హక్కు ఉన్నట్లు పత్రం ఉన్నదా?
# తుది కూర్పులోని నిడివి అనుమతించిన నిడివిని మించలేదు గదా?
# చిత్రీకరణలో జాతర మైకు నుండి అనుకోకుండా వినిపించిన పాటలు నమోదైనవా?

చివరి అంశంలో పొరపాట్లు ఎక్కువ. చిత్రంలో యాదృచ్ఛికంగా కనిపించే కళాకృతులకు చట్టంలో మినహాయింపు ఉన్నది గాని, అది పాటలకు వర్తించదు. అట్టి చోట పాటకు అనుమతి పొందవలెను, లేదా ఆ శబ్దాన్ని తొలగించవలెను. మాటలు, పాట ఒకే ట్రాకులో కలిసిపోతే తొలగింపు కష్టమవుతుంది. అందువలన చిత్రీకరణ సమయంలోనే మైకు ఆపించి సంభాషణను విడిగా నమోదు చేయుట మేలు.