పాస్టరుగారి కవరు: మన జిల్లాలలో పెండ్లి సంబంధముల చరిత్ర

1890లో ఫ్రీసెన్ దంపతులు నల్గొండలో సేవ ఆరంభించిరి. తరువాత దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి, జడ్చర్ల వంటి చోట్ల కూడ మిషను స్టేషనులు ఏర్పడినవి. అప్పుడు విశ్వాసులకు ఒక కొత్త చిక్కు వచ్చినది. పల్లెలో క్రైస్తవుల ఇండ్లు కొద్ది. వారిలోను సగము ఒకే ఇంటిపేరువారు, అన్నదమ్ముల వరుస. మేనరికము కలిసినవారికి సరే. తక్కినవారు దూరపు సంఘములలో అడుగవలసి వచ్చెను. అడుగుటకు ఉపదేశి, బైబిలు స్త్రీ, పాస్టరుగారు తప్ప వేరెవరున్నారు? బోర్డు కట్టని మ్యారేజి బ్యూరో అదియే.

ఇందులో సంఘ పెద్ద ఇంటి సంబంధము అన్నిటికంటె కష్టము. సామాన్యుని ఇంట సంబంధము తప్పిపోయిన నాలుగు దినములలో మరతురు. స్కూలు హెడ్మాస్టరుగారి కుమార్తెకు తప్పిపోయినచో, "పిల్లలో ఏమి లోపమో" అని జాతర వరకు చెప్పుకొందురు. కాబట్టి మొదటి విచారణ పిల్ల పేరు లేకుండ జరుగవలెను.

అటువంటి హెడ్మాస్టరుగారు మా యొద్దకు వచ్చిరనుకొందము. మేము వేరొక సంఘపు పాస్టరుగారికి వ్రాయుదుము. కార్డు కాదు, కవరు. కార్డును పోస్టుమాను మొదలు అందరును చదువుదురు గదా! అందులో తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టినింటి పేరు, చదువు, వయస్సు మాత్రముండును. ఇంటిపేరులు వరుసకు కుదరకపోయిన అక్కడితో సరి. ఎవరికిని అవమానము లేదు. కుదిరినచో బైబిలు స్త్రీ ఏదో ప్రార్థన కూడికకు పోయినట్లు ఆ ఇల్లు చూచి వచ్చును. అటుపిమ్మటనే పేరు, ఫోటో. ఫోటో తిరిగి రావలెను. ఒక సంబంధము తేలువరకు రెండవది కదపరాదు. ఇష్టము లేనివారు "ఈ యేడు చేయుట లేదు" అందురు. అది కాదనుటయే, కారణమడుగరాదు.

అసలు చిక్కు వేరు. అబ్బాయికి మూర్ఛ ఉన్నదని అతని తల్లి ప్రార్థనకొరకు మాతో రహస్యముగా చెప్పినదనుకొనుడి. చెప్పిన మాట తప్పినవారమగుదుము, దాచిన పిల్ల గొంతు కోసినవారమగుదుము. మా పెద్దలు నడచిన దారి ఇది: ఆ తల్లినే పిలిచి, "మీరే వారికి చెప్పుడి, లేదా మేము ఉత్తరము వ్రాయము" అనుట. ఆమె ఒప్పుకొనకపోయిన, ఎదుటివారికి "మేము ఇందులో కలుగజేసికొనము" అని మాత్రము వ్రాయుదురు. తెలిసినవారికి ఆ ఒక్క ముక్క చాలును. ఎన్నడును అట్లు వ్రాయని పాస్టరు మాటకు విలువయుండదు.

గుట్టు అంతయు నిశ్చితార్థము వరకే. తరువాత ప్రకటన. మూడు ఆదివారములు ఇద్దరి పేర్లు, ఊర్లు సంఘము ఎదుట చదువుట పాత ఆచారము. 1872 క్రైస్తవ వివాహ చట్టము కూడ లైసెన్సు పొందిన పాస్టరు నోటీసును గుడిలో అందరికిని కనబడునట్లు అంటించవలెననును. ధృవపత్రమిచ్చిన రెండు నెలలలో పెండ్లి జరుగకపోయిన మరల నోటీసు ఇయ్యవలెను. బ్రతికియున్న మొదటి భార్య, తక్కువ వయస్సు వంటివి బయటపడునది ఇక్కడనే.

ఇప్పుడు బయోడేటాలు ఫోనులలో ఒక్క పూటలో హైదరాబాదు దాటి దుబాయి చేరుచున్నవి. అయినను రాత్రి భోజనముల వేళ మాకు ఫోను వచ్చును: "అయ్యగారూ, ఆ ఇంటివాళ్లు మీకు ఎరుకేనా?"