రాయమన్నదీ, చెయ్యమన్నదీ

2000 ప్రాంతంలో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్పే సంస్థలు వీధికొకటి ఉండేవి. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక తన పరిశీలనలన్నీ టెలిఫోన్‌లో గబగబా చెప్పేసి ఇంటికి పోయేవాడు. ఆ గొంతు ఇక్కడికి చేరేసరికి మనకు తెల్లవారేది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలికింద పెడల్ పెట్టుకుని కూర్చున్న అమ్మాయి దాన్ని విని టైపు చేసేది. పెడల్ నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, వెనక్కి తొక్కితే ఒకటి రెండు మాటలు మళ్లీ వినిపిస్తాయి.

ఆ గొంతు ఒకచోట ఇలా అంటుంది అనుకోండి: "కోలన్ కోలన్ నార్మల్ పీరియడ్". తెరమీద పడవలసింది ఇది:

```
Colon: Normal.
```

మొదటి కోలన్ పెద్దపేగు. రెండోది రెండు చుక్కల గుర్తు. పీరియడ్ అంటే అమెరికా వాళ్ల ఫుల్‌స్టాప్. అదే డాక్టరు మరో రోగి విషయంలో నెలసరి గురించి చెబుతూ ఆ మాటే వాడతాడు, వెంటనే వాక్యం ముగిస్తూ మళ్లీ అదే అంటాడు. అనుభవమున్న టైపిస్టు క్షణం తడుముకోదు. రాయమన్నది ఏదో, చెయ్యమన్నది ఏదో ఆమెకు సందర్భమే చెప్పేస్తుంది. గొంతుతో ఉత్తరం రాయించడమనే పనిలో అసలు చిక్కు ఇదే. నూట నలభై ఏళ్లుగా ఈ పని కోసం వచ్చిన యంత్రాలన్నీ ఆ అమ్మాయికి తెలిసిన ఈ ఒక్క తేడా పట్టుకోవడానికే తంటాలు పడ్డాయి.

ఎదురుగా మనిషి కూర్చున్న రోజుల్లో ఈ సమస్యే లేదు. ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ 1837లో తన షార్ట్‌హ్యాండ్ పద్ధతిని ప్రచురించాడు. ఆ తర్వాత ఆఫీసుల్లో దొరగారు గదిలో పచార్లు చేస్తూ చెబుతుంటే స్టెనో గీతల్లో రాసుకుని, తన సీటుకు వెళ్లి టైపు చేసి తెచ్చేవాడు. కామా ఎక్కడ పెట్టాలి, పేరా ఎక్కడ విడగొట్టాలి అన్నది స్టెనో పని. దొరగారు మధ్యలో "కాదు కాదు, అది తీసెయ్" అంటే, ఆ "కాదు కాదు" కూడా ఉత్తరంలో రాసే స్టెనో ఎక్కడా ఉండడు. అనుమానమొస్తే తలెత్తి అడుగుతాడు.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. మరుసటి ఏడాది ఒక అమెరికా పత్రికలో దాని ఉపయోగాల జాబితా రాస్తూ, మొట్టమొదట పెట్టింది సంగీతం కాదు, స్టెనో లేకుండా ఉత్తరాలు చెప్పడం. వ్యాపారంగా అది కుదురుకోవడానికి మాత్రం కొన్ని దశాబ్దాలు పట్టింది. 1907లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీ తన యంత్రానికి 'డిక్టాఫోన్' అని పేరు నమోదు చేసుకుంది. ఎడిసన్ వైపు నుంచి దానికి పోటీ ఎడిఫోన్. చెప్పేవాడు గొట్టంలోకి మాట్లాడితే మైనపు సిలిండర్‌మీద గాడి పడేది. ఆ సిలిండర్ టైపిస్టు దగ్గరికి వెళ్లేది. పని అయ్యాక పైపొర చెక్కేసి మళ్లీ వాడుకునేవారు.

ఇక్కడే తేడా వచ్చింది. చెప్పేవాడు ఒక గదిలో, రాసేవారు మరో గదిలో, బహుశా మరో రోజున. తలెత్తి అడిగే వీలు పోయింది. మైనంమీద పడ్డ మాటను అక్కడే చెరిపెయ్యలేరు, తప్పు చెబితే తప్పు అలాగే ఉంటుంది, దిద్దుబాటు దాని తర్వాత వస్తుంది. అందుకని సిలిండర్‌తోపాటు ఒక కాగితపు చీటీ పంపేవారు. ఏ ఉత్తరం ఎక్కడ ముగిసిందో, ఎక్కడ దిద్దుబాటు ఉందో దానిమీద గీతలు పెట్టేవారు. టైపిస్టు ముందు చీటీ చూసి, తర్వాత చెవికి గొట్టం తగిలించుకునేది. ఎన్ని కాపీలు, ఏ సైజు కాగితం లాంటివన్నీ ఉత్తరానికి ముందే నోటితో చెప్పడం, "కామా", "కొత్త పేరా" అని మధ్యమధ్య పలకడం వాడుకలో కుదురుకున్నది ఇలా దూరం పెరిగిన చోటే. మన తంతివార్తల్లో 'స్టాప్' అన్న మాట చుక్కకు బదులు నిలబడటానికి కారణం కూడా దాదాపు ఇదే. అవతలి చివర ఉన్నవాడు పొరపడకూడదు.

వినేది మనిషి కాక కంప్యూటర్ అయినప్పుడు కథ మరో మలుపు తిరిగింది. 1980లలో ఐబీఎం పరిశోధనశాలలో ఫ్రెడ్ జెలినెక్ బృందం 'టాంగోరా' అనే వ్యవస్థను తయారుచేసింది. ఆల్బర్ట్ టాంగోరా అనే టైపింగ్ వీరుడి పేరు దానికి పెట్టారు. ఆఫీసు ఉత్తరాలే దాని రంగం. మొదట 5,000 మాటలు, తర్వాత 20,000 మాటలు దానికి తెలుసు. మాటకూ మాటకూ మధ్య ఆగి పలకాలి.

ఇలాంటి వ్యవస్థలు కామాను ప్రత్యేకమైన ఆజ్ఞగా చూడలేదు. దాన్నీ ఒక మాటగానే నిఘంటువులో చేర్చుకున్నాయి. తేడా అల్లా, ఆ మాట పలికే తీరు ఒకటి, రాసే తీరు ఒకటి. 1990ల మొదట్లో అమెరికా ప్రభుత్వ పరిశోధన కోసం కొందరి చేత వాల్‌స్ట్రీట్ జర్నల్ వాక్యాలు చదివించి రికార్డు చేశారు. వాటిలో సగం చదివేటప్పుడు విరామ చిహ్నాలు కూడా పైకి పలికించారు, సగంలో పలికించలేదు. పలికినచోట రాతప్రతిలో ఇలా ఉంటుంది:

```
,COMMA   .PERIOD
```

గుర్తు, దాని పేరు ఒకదానికొకటి అంటుకుని ఒకే మాట అయిపోయాయి. ఇక 'పీరియడ్' అని వినిపించినప్పుడు అది చుక్కా, కాలమా? యంత్రం దానికి జవాబు లెక్కల్లో వెతుక్కుంది. వేలకొద్దీ ఉత్తరాలు ముందే చదివి, ఏ మాట పక్కన ఏది ఎక్కువసార్లు వస్తుందో అది లెక్క పెట్టుకుని ఉంటుంది. "ట్రయల్" తర్వాత వచ్చే పీరియడ్ మాట కావడానికే ఎక్కువ అవకాశం. "థాంక్యూ ఫర్ యువర్ లెటర్" తర్వాత వచ్చింది చుక్క కావడానికే ఎక్కువ అవకాశం. హైదరాబాద్ టైపిస్టు సందర్భం చూసి చేసే పనికి ఇది నాసిరకం నకలే, అయినా చాలావరకు నడిచింది.

ఐబీఎంలో కొంతకాలం పనిచేసిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు. 1990లో వాళ్ల డ్రాగన్ డిక్టేట్ బజారుకొచ్చింది. ధర 9,000 డాలర్లు. అదీ మాటకు మాటకు ఆగవలసినదే. 1997లో వచ్చిన డ్రాగన్ నాచురల్లీ స్పీకింగ్‌తో ఆగకుండా మామూలుగా మాట్లాడే వీలు కలిగింది. అదే ఏడాది ఐబీఎం వయావాయిస్ కూడా వచ్చింది.

ఆగే బాధ పోయిందని అందరూ సంతోషించారు గానీ, ఆగడానికి కొత్త ఉద్యోగం దొరికింది. "స్క్రాచ్ దట్" అంటే డ్రాగన్ ఆఖరున రాసిన ముక్కను తుడిచేస్తుంది. అయితే దానికి ముందూ వెనకా కాసేపు మౌనం ఉండాలి. వాక్యంలో కలిపి గబుక్కున అనేస్తే ఆ రెండు మాటలూ ఉత్తరంలో వచ్చి కూర్చుంటాయి. కామాకు, ఫుల్‌స్టాప్‌కు ఈ మౌనం అక్కర్లేదు, అవి మాటలే కాబట్టి ప్రవాహంలోనే పలకవచ్చు. ఇంకా అనుమానముంటే కంట్రోల్ మీట పట్టుకుని పలికితే ఆజ్ఞే అని, షిఫ్ట్ పట్టుకుంటే రాతే అని అది తీసుకునేది. అంటే గొంతుతో పని జరిపించడానికి కొన్న సరుకు దగ్గర చివరికి వేలితో సైగ చెయ్యక తప్పలేదు.

ఒక చిన్న ఉత్తరం చెప్పి చూద్దాం. "డియర్ సర్ కామా న్యూ పారాగ్రాఫ్" అని కాసేపు ఆగి, "ఐ రిసీవ్డ్ యువర్ చెక్ ఆన్ మండే". ఇక్కడ ఆగి "స్క్రాచ్ దట్" అని, మళ్లీ ఆగి "ఐ రిసీవ్డ్ యువర్ చెక్ ఆన్ ట్యూస్‌డే పీరియడ్ ఇట్ వాజ్ నాట్ సైన్డ్ పీరియడ్". ఫలితం:

```
Dear Sir,

I received your check on Tuesday. It was not signed.
```

అందులో మొదటి పీరియడ్ ఒక్కటే ఎన్ని పనులు చేసిందో చూడండి. చుక్క ముందు మాటకు అంటుకుంది, తర్వాత ఖాళీ పడింది, ఆ పై మాట పెద్దక్షరంతో మొదలైంది. టైపింగ్ క్లాసుల్లో నెలలు పట్టే అలవాట్లు ఒక మాటలో ఇమిడిపోయాయి.

ఈ తేడా పట్టుకోలేకపోతే ఏమవుతుందో 2006 జులైలో లోకమంతా చూసింది. పెట్టుబడి విశ్లేషకుల సమావేశంలో మైక్రోసాఫ్ట్ తన విస్టాలోని గొంతు గుర్తింపును ప్రదర్శించింది. ప్రదర్శకుడు అమ్మకు ఉత్తరం మొదలుపెట్టి "డియర్ మామ్ కామా" అన్నాడు. తెరమీద అమ్మ కాస్తా ఆంట్ అయింది. దిద్దబోయాడు, చెరపమన్నాడు, మొత్తం ఎంచుకోమన్నాడు. ఒక్కో ఆజ్ఞా ఉత్తరంలో పోగుపడింది:

```
Dear aunt, let's set so double the killer delete select all
```

హాలంతా నవ్వులు. మైక్ శబ్ద స్థాయిని సరిచేసే భాగంలో దోషం వల్ల గొంతు చెదిరి చేరిందని ఆ సంస్థ ఇంజనీరు ఒకరు తర్వాత వివరించారు. గొంతు చెదిరినప్పుడు ముందుగా పోయేవి ఆజ్ఞలే. మాట తప్పు పడితే ఒక మాటే చెడుతుంది. "డిలీట్" అన్నది ఆజ్ఞ అని తెలియకపోతే, దిద్దుకునే దారే మూసుకుపోతుంది. చెప్పేకొద్దీ కంగాళీ పెరుగుతుంది. మీ ఉత్తరంలో ఆజ్ఞలు అక్షరాలై కనబడుతున్నాయంటే గొంతు పెంచకండి, ఆపి మైకు చూసుకోండి.

ఇక మన సంగతి. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగు సహా ఎనిమిది భారతీయ భాషలను తన గొంతు టైపింగ్‌లో చేర్చింది. గూగుల్ డాక్స్‌లో "బోల్డ్ చెయ్", "ఎంచుకో" వంటి ఆజ్ఞలు 2016లోనే వచ్చాయి కానీ, అవి ఇంగ్లీషుకే పరిమితం. నేను ఒక ఫోన్‌లో "నాన్నగారికి కామా" అంటే, అది విధేయంగా 'నాన్నగారికి కామా' అనే రాసి పెట్టింది.

మనకు తెలుగులో ఈ గుర్తులు పాత అలవాటు కాదు. తాటాకు గ్రంథాల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు, కామాలూ చుక్కలూ అచ్చుతో వచ్చాయి. పైగా తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది, అవునా కాదా అని అడిగే ప్రశ్న అయితే చివర 'ఆ' చేరుతుంది. "వచ్చాడు" అన్నా "వచ్చాడా" అన్నా చుక్క ఎక్కడో, ప్రశ్నార్థకం ఎక్కడో చెవికే తెలుస్తుంది. పెద్దక్షరాల గొడవ అసలే లేదు. ఇంగ్లీషుకన్నా తెలుగుకు వాటంతటవే గుర్తులు పెట్టడం తేలిక కావాలని నా అభిప్రాయం. ఆజ్ఞల మాటలు ఎంచుకోవడమే కష్టం. "చుక్క" అంటే ఆకాశంలోదా, సీసాలోదా, వాక్యం చివరిదా? పోనీ ఫుల్‌స్టాప్ అందామా అంటే 'వివాదానికి ఫుల్‌స్టాప్' అని మన పత్రికలు శీర్షికలు పెడుతూనే ఉంటాయి.

ప్రస్తుతానికి నేను ఉత్తరం మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసి, చుక్కలూ కామాలూ వేలితోనే పెట్టుకుంటున్నాను.