పుర్రె పోగొట్టుకున్న సీసా

ఇవాళ్టి బెంజీన్ సీసా మీద పుర్రె గుర్తు ఉండదు. మూలమీద నిలబెట్టిన చతురస్రాలు, ఎర్రటి అంచుతో, మూడు ఉంటాయి. ఒకదాంట్లో మంట. ఇంకోదాంట్లో ఆశ్చర్యార్థకం. మూడోదాంట్లో ఒక నల్లటి మనిషి బొమ్మ, ఛాతీ మీద తెల్లటి నక్షత్రం పగిలినట్టు. రక్తకేన్సర్ తెస్తుందని రుజువైన రసాయనం మీద పుర్రె ఎందుకు లేదు?

ఐరోపాలో ఒకప్పుడు ఉండేది. అక్కడి 1967 నాటి ఆదేశం కింద వచ్చిన నారింజ రంగు లేబుళ్లలో బెంజీన్‌కి మంట గుర్తు, పక్కన పుర్రె గుర్తు వేసేవారు. 2010 డిసెంబరు నుంచి కొత్త పద్ధతి అమల్లోకి వచ్చాక పుర్రె పోయింది. ఈలోపు బెంజీన్ ఏమీ మంచిదైపోలేదు. పుర్రె అనే బొమ్మ అర్థమే మారింది.

పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు: ఈ బొమ్మ రసాయనాల కోసం పుట్టింది కాదు. ఐరోపాలో సమాధి రాళ్ల మీద, ఆ తర్వాత సముద్రపు దొంగల జెండాల మీద ఉండేది. విషం ఉన్న డబ్బాలకి లేబుల్ ఉండాలని న్యూయార్క్ రాష్ట్రం 1829లో చట్టం చేసింది. ఆ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి మందుల షాపుల్లో విషమంటే పుర్రె అనేది స్థిరపడింది. మనలో చాలామందికైతే దీనితో తొలి పరిచయం సీసా మీద కాదు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కి కట్టిన రేకు మీద. అక్కడా ఇక్కడా అది చెప్పేది ఒక్కటే: ముట్టుకుంటే చస్తావు, ఇప్పుడే.

ఆ "ఇప్పుడే" అన్నదే అసలు సంగతి. ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1927లో విషాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఇచ్చాడు. ప్రయోగంలో పెట్టిన జంతువుల్లో సగం చనిపోవడానికి ఎంత మోతాదు కావాలో చూస్తారు. దాన్నే ఎల్‌డి50 అంటారు. శరీరం బరువులో కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. అంకె ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రం. చాలా పనికొచ్చే కొలతే. కాకపోతే అది లెక్కపెట్టేది ఒక మోతాదునీ, ఆ తర్వాత కొద్ది రోజుల్లో వచ్చే చావునీ మాత్రమే. ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చే జబ్బు అందులో పడదు.

బెంజీన్ సరిగ్గా అలాంటిది. 1897లోనే శాంటెసన్ అనే స్వీడన్ వైద్యుడు సైకిల్ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే యువతుల గురించి రాశాడు. రబ్బరు కరిగించడానికి వాడే బెంజీన్ ఆవిరిని రోజూ పీల్చి, వాళ్ల ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం మానేసింది. రక్తకేన్సర్‌తో ముడిపెట్టిన నివేదిక 1928లో వచ్చింది. ఒక్క రోజులో పడిపోయిన వాళ్లు కాదు వీళ్లు. పనికి వెళ్తూ, ఇంటికి వస్తూ, నెలల తరబడి పాలిపోతూ జబ్బుపడ్డవాళ్లు. ఇలాంటి నిదానమైన హానికి లేబుల్ మీద సొంత బొమ్మంటూ లేకుండానే ఒక శతాబ్దం గడిచింది. అందుకే ఐరోపా వాళ్లు కేన్సర్ కారకాలని కూడా పుర్రె కిందకే చేర్చారు.

1992లో రియో సదస్సు ఒక పని అప్పజెప్పింది: దేశానికో రకంగా ఉన్న ఈ గుర్తుల్ని ప్రపంచమంతటికీ ఒకటి చేయమని. 2003లో ఐక్యరాజ్యసమితి ప్రచురించిన పద్ధతిలో మొత్తం తొమ్మిది బొమ్మలున్నాయి. వాటిలో చాలా వరకు చూడగానే తెలిసిపోతాయి. పేలుతున్న బాంబు, మంట, గ్యాస్ సిలిండర్. సున్నా మీద మంట ఉంటే అది తాను మండకపోయినా పక్కదాన్ని మండించేది. రెండు గాజు గొట్టాల్లోంచి చుక్కలు పడి లోహాన్నీ చేతినీ తినేస్తుంటే ఆమ్లం లాంటిది. ఎండిన చెట్టూ చచ్చిన చేపా నీటి జీవులకి. ఆశ్చర్యార్థకం దురద, మంట లాంటివాటికి, కాస్త తక్కువ విషాలకి. పుర్రె తీవ్ర విషానికి, అంటే నోటి ద్వారా అయితే ఎల్‌డి50 అంకె 300 లోపు ఉన్నవాటికి మాత్రమే. మిగిలిందే ఆ నక్షత్రపు ఛాతీ మనిషి. కేన్సర్, పుట్టబోయే బిడ్డకి హాని, జన్యువుల్లో మార్పు, ఒక అవయవం దెబ్బతినడం, అన్నీ ఇతనే మొయ్యాలి.

మెథనాల్ సీసా చూస్తే ఈ విభజన బాగా తెలుస్తుంది. దాని మీద మంట, పుర్రె, నక్షత్రపు మనిషి, మూడూ ఉంటాయి. మండుతుంది కాబట్టి మంట. తాగితే ప్రాణం పోతుంది కాబట్టి పుర్రె. బతికి బయటపడ్డా కంటినరం దెబ్బతిని చూపు పోవచ్చు కాబట్టి ఆ మనిషి. కల్తీ సారా తాగినవాళ్లు కళ్లు కనపడటంలేదని ఆస్పత్రికొచ్చే వార్తల వెనక ఉండేది ఇదే.

తర్కంగా చూస్తే కొత్త పద్ధతే సరైంది. రెండు రకాల హానికి రెండు బొమ్మలు. కానీ బొమ్మ చదివేది తర్కం కాదు. నేను నలుగురైదుగురు స్నేహితులకి ఆ మనిషి బొమ్మ చూపించి అడిగాను. "గుండెపోటు," అన్నారు ఇద్దరు. "సూపర్‌హీరోనా?" అన్నాడొకడు. కేన్సర్ అన్నవాళ్లు లేరు. పుర్రెకి శతాబ్దాల భయం వెనక ఉంది. ఇతనికి ఇరవయ్యేళ్ల వయసు. బెంజీన్ విషయంలో వర్గీకరణ మెరుగైంది, భయం తగ్గింది అనే నా అనుమానం.

పుర్రెకీ అర్థం జారిపోగలదు. 1971లో పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రిలో రిచర్డ్ మోరియార్టీ అనే డాక్టరు దాని బదులు నాలుక బయటపెట్టిన ఆకుపచ్చ మొహం స్టిక్కర్ తయారుచేశాడు. పిల్లలకి పుర్రె అంటే సముద్రపు దొంగలు, ఆటలు. ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పేరే పైరేట్స్ మరి.

మన దేశంలో పురుగుమందుల డబ్బాలకి వేరే లెక్క ఉంది. 1971 నాటి నియమాల ప్రకారం లేబుల్ మీద మూలమీద నిలబెట్టిన చతురస్రాన్ని రెండు త్రికోణాలు చేస్తారు. కిందిది రంగు, పైది హెచ్చరిక. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, విషం తగ్గే వరసలో. ఇక్కడా కొలబద్ద ఎల్‌డి50నే. పుర్రె ఎరుపుకి మాత్రమే, అంటే అంకె 50 లోపు ఉంటే. 51 నుంచి 500 వరకు పసుపు. దాని పైన విషం అనే మాట ఎర్రటి అక్షరాల్లో ఉంటుంది గాని పుర్రె ఉండదు. ఆకుపచ్చ అంకె 5000 దాటినవాటికి. బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి శాకాహారమని కొనుక్కునే మనకి ఆ త్రికోణం ఎలా కనిపిస్తుందో ఊహించండి.

ప్యారాక్వాట్ అని ఒక గడ్డి మందు ఉంది. లోపలికి పోతే ఊపిరితిత్తులు క్రమంగా గట్టిపడిపోతాయి. విరుగుడు లేదు. ఐరోపా దాన్ని 2007 నుంచి పొలాల్లో వాడనివ్వడం లేదు. అక్కడి వర్గీకరణ జాబితాలో దానికి పుర్రె ఉంది, నక్షత్రపు మనిషీ ఉన్నాడు. మన ఎరువుల దుకాణంలో అదే మందు డబ్బా తిప్పి చూస్తే కనిపించేది పసుపు త్రికోణం. ఎలుకల లెక్కలో అది 50 దాటింది.