గ్యాస్ సబ్సిడీ పడిందా లేదా? పాస్‌బుక్ ఒక్కటే చూస్తే సరిపోదు

నల్గొండలో మా గల్లీలో ఉండే ఒక ఖాలాకు నాలుగు నెలలుగా గ్యాస్ డబ్బులు రాలేదు. పాస్‌బుక్ తీసుకెళ్లి ఎంట్రీ వేయించుకుంటే పెన్షన్ కనిపించింది గానీ గ్యాస్ పైసలు కనిపించలేదు. ఏజెన్సీలో అడిగితే "మా దగ్గర పోయినట్టే ఉంది, బ్యాంకులో అడగండి" అన్నారు. బ్యాంకులో అడిగితే "మాకేం రాలేదు, ఏజెన్సీలో అడగండి" అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. డబ్బు పడింది, కానీ ఆమె చూస్తున్న ఖాతాలో కాదు.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే డబ్బు వచ్చే దారి తెలియాలి. 2015 జనవరి 1 నుంచి దేశమంతా 'పహల్' పద్ధతి నడుస్తోంది. సిలిండర్‌కు పూర్తి ధర మనమే కడతాం, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. తెలంగాణలో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండర్ కూడా ఇలాగే. డెలివరీ రోజు 905 రూపాయలు కట్టామనుకోండి, మిగతా 405 తిరిగి రావాలి. కేంద్రం వాటా ఉంటే అది విడిగా పడుతుంది, కాబట్టి 405 మొత్తం ఒకే ఎంట్రీగా కనిపించకపోవచ్చు. ఆంధ్రలో దీపం-2 ఉచిత సిలిండర్లకూ పథకం మొదలైనప్పుడు ముందు డబ్బు కట్టాల్సి వచ్చేది.

గ్యాస్ కంపెనీ దగ్గర మన కన్జ్యూమర్ నంబర్‌కు ఆధార్ జత చేసి ఉంటే, చాలావరకు ఆ ఆధార్ మీదే డబ్బు పంపుతారు. ఆ ఆధార్‌కు ఏ బ్యాంకు అనేది ఎన్‌పీసీఐ అనే జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో ఉంటుంది. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, అదీ చివరగా జత అయిన బ్యాంకు. అంటే ముడి రెండు చోట్ల పడాలి: ఏజెన్సీలో కన్జ్యూమర్ నంబర్‌కు, బ్యాంకులో ఖాతాకు. ఒకచోట వేసి రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఆధార్ లేకుండా నేరుగా ఖాతా నంబర్ ఇచ్చిన పాత కనెక్షన్లూ ఉన్నాయి. వాళ్లు ఖాతా మూసేస్తే ఏజెన్సీకి కొత్త నంబర్ ఇవ్వాలి.

ఖాలా విషయంలో ఏమైందంటే, మహిళా సంఘం లోన్ కోసం వేరే బ్యాంకులో ఖాతా తీశారు. అప్పుడు పెట్టిన సంతకాల్లో "ప్రభుత్వ డబ్బులు ఈ ఖాతాలోకే" అనే ఒప్పుకోలు కూడా ఉంది. ఆ రోజుతో పట్టికలో బ్యాంకు మారిపోయింది. పెన్షన్ మాత్రం నేరుగా ఖాతా నంబర్ మీద వస్తోంది కాబట్టి పాతదాంట్లోనే పడుతూ వచ్చింది. దాంతో ఆమెకు అనుమానమే రాలేదు.

మేం రెండు చోట్ల చూశాం. మొదట mylpg.in లో 17 అంకెల LPG ID కొట్టాం. ఇది కన్జ్యూమర్ నంబర్ కాదు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఐడీ తెలియకపోతే ఏజెన్సీ పేరు, కన్జ్యూమర్ నంబర్ ఇస్తే అదే సైట్ చూపిస్తుంది. లాగిన్ అయ్యాక View Cylinder Booking History లో ఏ సిలిండర్‌కు ఎంత సబ్సిడీ పంపారో కనిపిస్తుంది. ఖాలాకు నాలుగూ పంపినట్టే ఉంది. తర్వాత myaadhaar.uidai.gov.in లో ఆధార్ నంబర్, ఓటీపీతో Bank Seeding Status చూస్తే కొత్త బ్యాంకు పేరు, Active అని వచ్చింది. ఆ బ్యాంకుకెళ్లి ఎంట్రీ వేయిస్తే డబ్బంతా అక్కడే ఉంది!

పాత ఖాతాలోకే రావాలంటే ఆ బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం మళ్లీ ఇవ్వాలి. ఇకముందు వచ్చేవే మారతాయి, పడిపోయినవి వాటంతట అవి రావు.

బుకింగ్ హిస్టరీలో సబ్సిడీ పంపినట్టే లేకపోతే తప్పు బ్యాంకుది కాదు. కన్జ్యూమర్ నంబర్‌కు ఆధార్ జత కాలేదేమో, ఈకేవైసీ పెండింగ్ ఉందేమో ఏజెన్సీలో అడగాలి. పేర్లు కూడా చూసుకోండి. మన ఇళ్లలో గ్యాస్ బుక్‌లో షేక్ ముందు, ఆధార్‌లో వెనక, ఒకచోట బీ, ఇంకోచోట బేగం ఉండటం మామూలే. ఈకేవైసీ దగ్గర ఇదే అడ్డం పడొచ్చు. మహాలక్ష్మిలో గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి సిలిండర్ల లెక్క ఉంటుంది, అది దాటితే రాకపోవడం తప్పు కాదు.

కనెక్షన్ చనిపోయిన భర్త పేరు మీదే ఉంటే డబ్బు ఆయన ఆధార్‌కే వెళ్తుంది. ఖాతా మూసేసి ఉంటే వెనక్కి పోతుంది. డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రం, తన కేవైసీ కాగితాలతో భార్య ఏజెన్సీలో పేరు మార్పించుకున్నాకే ఆమె ఖాతాకు వస్తుంది.

ఏజెన్సీలో తేలకపోతే 1800-233-3555 కు ఫోన్ చేయొచ్చు, ఫ్రీ నంబరే. 17 అంకెల ఐడీ, డెలివరీ తేదీ, సీడింగ్ స్టేటస్‌లో కనిపించిన బ్యాంకు పేరు ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. కంప్లైంట్ నంబర్ తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి.