శిలాశైథిల్యం – శీతోష్ణస్థితి ప్రభావం

భూమి ఉపరితలంపై ఉన్న శిలలు కదలకుండా ఉన్నచోటనే ఉంటూ, నీరు, గాలి, ఉష్ణం, జీవుల ప్రభావానికి లోనై పగలడం, మెత్తబడడం లేదా వేరే ఖనిజాలుగా మారిపోవడం శిలాశైథిల్యం. ఇలా వదులైన పదార్థాన్ని నదులు, గాలి, హిమానీనదాలు మరోచోటికి తీసుకుపోవడాన్ని క్రమక్షయం అంటారు.

శైథిల్యం మూడు రకాలు. రాతి పగుళ్లలోని నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరిగి రాయిని చీల్చడం, ఉప్పు స్ఫటికాలు పెరిగి రాతి రేణువులను విడదీయడం వంటివి భౌతిక శైథిల్యం. ఇందులో రాయి ముక్కలవుతుంది గాని దాని ఖనిజాలు మారవు. రసాయనిక శైథిల్యంలో ఖనిజాలే మారిపోతాయి. నేలలోని కార్బన్ డయాక్సైడు కరిగి కొద్దిగా ఆమ్లగుణం పొందిన వాననీరు గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్‌ను తాకినప్పుడు పొటాషియం, సోడియం కరిగిపోయి బంకమన్ను మిగులుతుంది. ఈ చర్యను జలవిశ్లేషణ అంటారు. చెట్ల వేళ్లు రాతి సందుల్లో దూరి లావెక్కడం, రాతిని అంటుకుని పెరిగే లైకెన్లు ఆమ్లాలను స్రవించడం జైవిక శైథిల్యం. ఇది మొదటి రెండు పద్ధతుల ద్వారానే పనిచేస్తుంది కనుక, కొందరు దీన్ని ప్రత్యేక తరగతిగా లెక్కించరు.

ఎడారుల్లో పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించడం వల్లనే రాళ్లు పగులుతాయని 19వ శతాబ్దిలో విస్తృతంగా నమ్మేవారు. ఈజిప్టులోని గ్రానైటు కట్టడాలను పరిశీలించిన డోనాల్డ్ బార్టన్, ఎండ నేరుగా తగిలే భాగాల కంటే నీడలో, తేమలో ఉన్న భాగాలే ఎక్కువగా శిథిలమయ్యాయని 1916లో ప్రకటించాడు. 1936లో డేవిడ్ గ్రిగ్స్ ఈ విషయాన్ని ప్రయోగంతో పరీక్షించాడు. నునుపు చేసిన గ్రానైటు ముక్కను పొడి గాలిలో 89,400 సార్లు వేడిచేసి చల్లార్చినా, అంటే సుమారు 244 సంవత్సరాల పగలు రాత్రులకు సమానమైన మార్పులకు గురిచేసినా, దానిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. చల్లార్చేటప్పుడు నీరు చిలకరించగా మాత్రం కొద్ది రోజుల్లోనే నునుపు పోయి పగుళ్లు కనిపించాయి. ప్రయోగంలో వాడినవి చిన్న ముక్కలు కావడంతో, నాలుగువైపులా బిగుసుకుని ఉండే పెద్ద బండలకు ఈ ఫలితం యథాతథంగా వర్తించదన్న విమర్శ ఉంది. అయినా నీటి ప్రాధాన్యం ఈ ప్రయోగంతో స్పష్టమైంది.

1950లో లూయీ పెల్టియర్ సగటు వార్షిక ఉష్ణోగ్రతను ఒక అక్షంపైన, వర్షపాతాన్ని మరో అక్షంపైన తీసుకుని, ఏ శీతోష్ణస్థితిలో ఏ ప్రక్రియ ప్రబలుతుందో చూపే పటాలను రూపొందించాడు. వేడి, వాన రెండూ అధికంగా ఉన్నచోట రసాయనిక శైథిల్యం పైచేయి సాధిస్తుంది, ఎందుకంటే వేడి రసాయనిక చర్యల వేగాన్ని పెంచుతుంది, వాన కరిగిన పదార్థాలను ఎప్పటికప్పుడు కడిగివేసి చర్యను ఆగనివ్వదు, దట్టమైన వృక్షసంపద నేలలో ఆమ్లాలను పెంచుతుంది. నీరు మాటిమాటికీ గడ్డకట్టి కరిగే చల్లని ప్రాంతాల్లో భౌతిక శైథిల్యం ముందుంటుంది. వేడి ఎంత ఉన్నా నీరు లేని ఎడారిలో రసాయనిక శైథిల్యం మందగిస్తుంది. అక్కడ అప్పుడప్పుడు పడే మంచు బిందువుల తేమ, పేరుకునే ఉప్పు ప్రధాన కారకాలవుతాయి.

తెలుగు నేలలో ఈ తేడాను చూడవచ్చు. అర్ధశుష్క మండలమైన హైదరాబాదు పరిసరాల్లో గ్రానైటు అతుకుల వెంట నీరు ఇంకి, మూడు వైపుల నుంచి దాడికి గురయ్యే మూలలను ముందుగా మెత్తబరుస్తుంది. మూలలు అరిగిన కొద్దీ లోపలి భాగం గుండ్రబడుతుంది. చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయాక గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు మిగులుతాయి. ఇక్కడి మొరంలో ఫెల్డ్‌స్పార్ రేణువులు ఇంకా గుర్తుపట్టేలా ఉండడం రసాయనిక చర్య అసంపూర్తిగా సాగిందనడానికి గుర్తు. తూర్పు కనుమల్లోని అనంతగిరి ప్రాంతపు కొండల నెత్తిన మాత్రం ఖొండలైటు శిలలోని ఫెల్డ్‌స్పార్ బంకమన్ను దశను కూడా దాటిపోయింది; సిలికా చాలావరకు కొట్టుకుపోగా అల్యూమినియం సమ్మేళనాలు మిగిలి బాక్సైటు ఏర్పడింది.

అయితే శీతోష్ణస్థితి ఒక్కటే నిర్ణేత కాదు. సున్నపురాయి గ్రానైటు కంటే తేలికగా కరుగుతుంది. నిటారు వాలులపై వదులైన పొర నిలవదు కనుక లోతైన శైథిల్యం జరగదు. పైగా బాక్సైటు వంటి మందపాటి పొరలు లక్షల సంవత్సరాల్లో ఏర్పడతాయి కనుక, వాటిని నేటి వర్షపాతంతో మాత్రమే వివరించడం పొరపాటు. అవి ఏర్పడిన కాలాల శీతోష్ణస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.