సగం సంతృప్తతకు ఉప్పెంత?

1880ల చివర ప్రాగ్‌లో ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్ ప్రోటీన్లను విరగ్గొట్టడంలో ఏ లవణానికి ఎంత బలముందో వరసగా కొలిచాడు. 1888లో అచ్చయిన ఆ వరస ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆ పనిలో ఆయన ముందున్న ప్రోటీన్ కోడిగుడ్డు తెల్లసొనలోనిది. తెల్లసొనకు అంతే పరిమాణంలో అమ్మోనియం సల్ఫేట్ సంతృప్త ద్రావణం కలిపితే గ్లోబ్యులిన్లు తెల్లగా విడివడతాయి, ఆల్బుమిన్ ద్రవంలోనే ఉండిపోతుంది. వడకట్టిన ఆ ద్రవాన్ని నెమ్మదిగా ఆరనిచ్చి ఆల్బుమిన్‌ను స్ఫటికాలుగా రాబట్టిన ఘనత కూడా హోఫ్‌మైస్టర్‌దే.

ఇన్ని లవణాలుండగా చివరికి అమ్మోనియం సల్ఫేటే నిలవడానికి కారణం దాని కరిగే గుణం. సోడియం సల్ఫేట్ కూడా ప్రోటీన్‌ను బాగానే విరగ్గొడుతుంది, కానీ చల్లబడితే తానే స్ఫటికాలై అడుగున చేరుతుంది. అమ్మోనియం సల్ఫేట్ మాత్రం మంచులో పెట్టినా, గదిలో ఉంచినా దాదాపు ఒకేలా కరుగుతుంది. లీటరు నీటికి ఏడు వందల గ్రాముల పైమాటే. ఉప్పు నీటిని తనవైపు లాక్కుంటే ప్రోటీన్ మీది నీటికి గిట్టని భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చాలా ప్రోటీన్లు ఇలా విరిగినా చెడిపోవు. ఉప్పు తీసేస్తే మళ్లీ కరుగుతాయి. మన రైతులకు ఎరువుగా తెలిసిన పదార్థమే ఇది. కాకపోతే ప్రయోగశాలకు లోహాల మలినాల్లేని శుద్ధమైన రకం కావాలి.

సమానంగా సంతృప్త ద్రావణం పోయడంలో లెక్క తేలిక. ఒక లీటరుకు ఒక లీటరు పోస్తే 50 శాతం. కానీ 80 శాతం కావాలంటే లీటరుకు నాలుగు లీటర్లు పోయాలి, అంత ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం యాతన. అందుకని పొడి ఉప్పే వేయడం మొదలైంది. చిక్కూ అక్కడే మొదలైంది: ఉప్పు కరిగే కొద్దీ ద్రవం ఉబ్బుతుంది.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు సంతృప్త ద్రావణంలో సుమారు 533 గ్రాముల ఉప్పుంటుంది. అయితే ఒక లీటరు నీటిని సంతృప్తం చేయడానికి 761 గ్రాములు పడుతుంది, ఎందుకంటే చివరికి అది 1.4 లీటర్లు దాటుతుంది. సగం సంతృప్తత కోసం 533లో సగం, అంటే 266 గ్రాములు వేస్తే 43 శాతమే వస్తుంది. పోనీ 761లో సగం వేస్తే 59 శాతానికి పోతుంది. తర్కం రెండింటిలోనూ సబబుగానే కనిపిస్తుంది, అదే దీనిలోని మాయ.

గ్రాము ఉప్పు కరిగితే ద్రవం సుమారు 0.56 మిల్లీలీటరు పెరుగుతుంది. ఈ పెరుగుదలను కలుపుకుంటే లీటరుకు వేయాల్సిన గ్రాములు ఇలా తేలతాయి:

```
g = 533 × (S2 − S1) / (100 − 0.3 × S2)
```

S1 ఇప్పుడున్న శాతం, S2 చేరాల్సిన శాతం. కేంబ్రిడ్జిలో మాల్కమ్ డిక్సన్ 1953లో, గీతల మీద రూళ్లకర్ర పెట్టి జవాబు చదువుకునే పటం ఒకటి ప్రచురించాడు. 1955లో ఆర్డా గ్రీన్, హ్యూస్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఇదే పనికి పట్టికలు వచ్చాయి.

మన చేతిలో 250 మిల్లీలీటర్ల ప్రోటీన్ రసం ఉందనుకుందాం. 50 శాతం దగ్గర పడే చెత్తను తీసేసి, 50కీ 70కీ మధ్య పడే ఎంజైమ్‌ను పట్టుకోవాలి. మొదటి మెట్టుకు సూత్రం లీటరుకు 313.5 గ్రాములంటుంది, మనకు 78.4. దాన్ని మెత్తగా నూరి, చిటికెడు చిటికెడుగా వేస్తూ, నురగ రాకుండా కలపాలి. గబుక్కున కుమ్మరిస్తే పడినచోట ఉప్పు శాతం ఎక్కువై, మనకు కావాల్సిన ఎంజైమ్ కూడా చెత్తతోపాటే దిగిపోతుంది. అరగంట ఆగి సెంట్రిఫ్యూజ్ చేయాలి.

పైనున్న తేట ద్రవం ఇప్పుడు సుమారు 294 మిల్లీలీటర్లు. రెండో మెట్టుకు లీటరుకు 135 గ్రాముల చొప్పున 39.7 గ్రాములు కావాలి. పాత 250నే పట్టుకుని లెక్కేస్తే 33.7 గ్రాములే వేస్తాం, 67 శాతం దగ్గరే ఆగిపోతాం. ఎంజైమ్‌లో కొంత తేటలోనే మిగిలిపోతుంది. అందుకే తేటను పారబోయకుండా అందులో ఎంజైమ్ చర్య కొలిచి చూడాలి; నష్టం బయటపడేది అక్కడే.

ఉష్ణోగ్రత కూడా రాసిపెట్టుకోవాలి. సున్నా డిగ్రీల పట్టికలో 50 శాతానికి లీటరుకు దాదాపు 290 గ్రాములే ఉంటుంది. ఈ ఉప్పు ద్రవాన్ని కాస్త ఆమ్లం వైపు లాగుతుంది కాబట్టి బఫర్ తప్పనిసరి. పీహెచ్ 8 దాటితే అమ్మోనియా వాసనే ఆ సంగతి చెప్పేస్తుంది.

సూత్రం ఎంత కచ్చితమైనా ప్రోటీన్ ఏ శాతం దగ్గర పడుతుందో అది చెప్పదు. ఉప్పు గాఢత పెరిగే కొద్దీ కరిగి ఉండగల ప్రోటీన్ పరిమాణపు లాగరిథం సరళరేఖలో తగ్గుతుందని 1925లో ఎడ్విన్ కోన్ చూపాడు. అంటే రసంలో ప్రోటీన్ చిక్కగా ఉంటే తొందరగా పడుతుంది, పల్చగా ఉంటే మరింత ఉప్పు అడుగుతుంది. వేరేవాళ్ల వ్యాసంలోని 50–70ని మన పల్చటి రసానికి యథాతథంగా వాడలేం. ముందు పది మిల్లీలీటర్ల చొప్పున కొన్ని గొట్టాల్లో 40, 50, 60, 70, 80 శాతాలకు ఉప్పు వేసి, ఎక్కడెంత ఎంజైమ్ పడిందో చూసుకున్నాకే మొత్తం రసం మీద చెయ్యి వేయాలి.