లెక్కలో ఉన్న ఫోన్

2020 మార్చిలో బడులతో పాటు మన ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లూ మూసేశారు. పెట్టెలు నెత్తిన పెట్టుకొని గూడేలకు వచ్చేశాం. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరింట్లో ఫోన్ ఉంది అని సార్లు రాసుకున్నారు. మా ఇంటికి ఫోన్ ‘ఉంది’ అని రాశారు. అబద్ధమేం కాదు. కాకపోతే అది బాపుది. పత్తి ఏరే రోజుల్లో పొద్దుగాలే ఆయనతో పాటు చేనుకు పోయేది.

సాయంత్రం ఇంటికొచ్చినా సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిందే. చీకట్లో ఏడో తరగతి చెల్లెను ఎవరు పంపుతారు? పదో తరగతి అన్నకు పరీక్షలున్నాయని ఫోన్ వాడికే ఇచ్చేవాళ్లం. రీఛార్జ్ అయిపోతే వాడికీ లేదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు, అన్న పోయాడు. చెల్లె ఆ రోజూ పత్తి చేనులోనే ఉంది. సార్ల లెక్కలో మాత్రం ఆమె ఫోన్ ఉన్న పిల్లే.